జరిపిన మధ్యాహ్నపు గీత

మా వదిన రాతిపని చేస్తుంది. మ్యూజియం పెరట్లో తాను చెక్కిన నీడగడియారం నవంబరులో పావుగంట ముందు నడుస్తోందని పన్నెండు గీతను జరిపింది. ఫిబ్రవరికల్లా అది అరగంట వెనకబడింది.

"రాయి పీకించేస్తానమ్మా," అన్నాడు మేనేజరు.

"ఒక్క ఏడాది ఆగండి సార్. పీకాల్సొస్తే నేనే పీకుతా."

ఏడాదంతా మధ్యాహ్నం గోడగడియారం పన్నెండు కొట్టినప్పుడల్లా వదిన నీడ కొసన చుక్క పెట్టింది. చుక్కలు మెల్లగా సన్నని ఎనిమిది అంకెగా కలిశాయి. భూమి ఒరిగి తిరుగుతుంది, సూర్యుడి చుట్టూ ఒకే వేగంతోనూ పోదు. అందుకే ఎండ చూపే మధ్యాహ్నం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గోడగడియారం దాని సగటును పట్టుకు నడుస్తుంది.

వదిన గీతను మొదటి చోటే మళ్లీ చెక్కి, దాని చుట్టూ చుక్కల వెంట ఎనిమిదిని తొలిచింది.

"పీకమంటారా సార్?"

మేనేజరు తన నీడ రాయి మీద పడకుండా పక్కకు జరిగాడు.