గట్టు మీద రెండున్నర కిలోమీటర్లు

కానిస్టేబుల్ ఎంపికలో ఆడవాళ్లు రెండున్నర కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో పరిగెత్తాలి. నాకు వయోపరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం. డిగ్రీ పట్టా బీరువాలో ఉంది, ఒళ్లో పదకొండు నెలల పాప ఉంది. ఈసారి పోతే ఇక పోయినట్టే.

తర్ఫీదు ఇచ్చింది మా ఆయనకి వరసకి బాబాయి అయ్యే ఆయన. సైన్యంలో పనిచేసి వచ్చి, మా కాలువ గట్టు మీద ఊళ్లో కుర్రాళ్లని ఆర్మీ భర్తీ ర్యాలీకి తయారు చేసేవారు. తెల్లవారుతూనే వాళ్లతో పాటు నేనూ వెళ్లేదాన్ని. ముప్ఫై సెకన్లు సిటప్స్, ముప్ఫై సెకన్లు పుషప్స్, తర్వాత గుర్తుగా పెట్టిన రెండు కొబ్బరి డొక్కల మధ్య అటూ ఇటూ పరుగు, ఒక నిమిషం విశ్రాంతి. ఇలా నాలుగుసార్లు. కాన్పు తర్వాత నా పొట్ట నా మాట వినేది కాదు. మొదటి వారం భుజాలు మాత్రమే లేచేవి.

"మెడ లాగకండమ్మా. మోకాళ్లు మడిచి, పొట్టతో లేవండి" అనేవారు ఈల నోట్లోంచి తీసి.

చివర పరుగు. కాలువ లాకుల దగ్గర మొదలుపెట్టి కల్వర్టు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఒకరోజు కడుపులో పోటు వచ్చి దారిలో రెండుసార్లు నడిచాను. అయినా స్టాప్‌వాచ్ గుప్పిట్లోంచి చూసి, "పదిహేనుంపావు. పాసే" అన్నారు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. నడిచినా పాస్ అయ్యే పరీక్షలో జిల్లాలో ఇంతమంది ఎందుకు తప్పుతున్నారు? కోడలి వరస పిల్లని బాధపెట్టడం ఎందుకని తగ్గించి చెబుతున్నారేమో. చంటిపిల్ల తల్లి, ఎలాగూ రాదు, కొన్నాళ్లు పరిగెత్తి మానేస్తుందిలే అనుకుంటున్నారేమో. ఆయన గడియారం వైపు చూసే తీరు కూడా నాకు తేడాగా కనిపించడం మొదలైంది.

మర్నాడు మా ఆయన చేతి గడియారం చున్నీ కింద కట్టుకుని పరిగెత్తాను. బాబాయిగారు పద్నాలుగున్నర అన్నారు. నా గడియారంలోనూ అంతే ఉంది. సిగ్గేసింది గానీ అనుమానం పోలేదు. గడియారం నిజమైతే అబద్ధం దారిలో ఉండాలి.

"ఈ దూరం ఎవరు కొలిచేరండీ, బాబాయిగారూ?"

"నేనేనమ్మా. లాకుల కాణ్ణుంచి కల్వర్టు దాకా నూట అరవై నాలుగు కొబ్బరిచెట్లు. చెట్టుకీ చెట్టుకీ పాతికడుగులు. లెక్కేసుకోండి."

ఇంటికొచ్చి లెక్క వేశాను. కిలోమీటరుంపావు కచ్చితంగా వచ్చింది. రానూ పోనూ రెండున్నర. తప్పు పట్టడానికి ఏమీ లేదు. పాపకి అన్నం మెదుపుతున్న అత్తగారితో ఆ మాటే అన్నాను.

"పాతికడుగులా?" ఆవిడ చెయ్యి ఆపారు. "తోటలో అయితే ఆయ్, పాతికే. గట్టు మీద ఉండేది ఒక్క వరసే కదా, దగ్గరగా ఏస్తారు. ఆ చెట్లు మీ మావగారూ నేనూ ఏసినవే. ఇరవయ్యడుగులకే ఏసేం. మిలట్రీలో కొబ్బరిచెట్లు పాతించరనుకుంటా."

సాయంత్రం తాడు పట్టుకుని బాబాయిగారూ, అత్తగారూ, నేనూ గట్టు మీదకి వెళ్లాం. పది చెట్ల ఎడం రెండొందల అడుగులే వచ్చింది. మరో చోట కొలిచినా అంతే. నేను ఇన్నాళ్లూ రెండు కిలోమీటర్లే పరిగెత్తాను.

ఆయన తాడు చుట్టకుండా అలాగే నిలబడిపోయారు. "పోయినేడు ర్యాలీలో మన కుర్రాళ్లు ముగ్గురు తప్పేరమ్మా" అన్నారు. "వాళ్ల పదహారొందల మీటర్ల పరుగూ ఈ చెట్లతోనే కొలిచేను. ఇక్కడ ఐదు నిమిషాల్లో వచ్చేవాళ్లు, అక్కడ ఆఖర్న వచ్చేరు. 'తిన్నదరగట్లేదేంట్రా మీకు' అని వాళ్లని తిట్టేను. ఒకడికి వయసు దాటిపోయింది."

ఆ కుర్రాడి ఇంటికి ఆ సాయంత్రమే సైకిల్ మీద వెళ్లి, తప్పు తనదని వాళ్ల నాన్నకి చెప్పొచ్చారట.

మర్నాటి నుంచి అసలు దూరం. కల్వర్టు దాటి రెండొందల యాభై మీటర్ల దగ్గర పాత చీరముక్క కట్టారు. మొదటిరోజు పద్దెనిమిది నిమిషాల పది సెకన్లు. పరీక్షకి ఏడు వారాలు ఉన్నాయి. వారానికి రెండురోజులు నాలుగొందల మీటర్ల చొప్పున గట్టిగా పరుగు, మధ్యలో నడక. పదిహేడున్నర, పదిహేడు, మళ్లీ పదిహేడుంపావు. ఆఖరి వారంలో పదహారూ ఐదు. అంతకంటే తగ్గలేదు.

పరీక్ష మైదానంలో ట్రాక్ నాలుగొందల మీటర్లు. ఆరుంపావు రౌండ్లు. రౌండ్లు రాసుకునే ఆయన పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నాడు. నా నంబరు ఒకసారి వదిలేస్తే ఏడో రౌండు కూడా పరిగెత్తిస్తాడు. నేను రౌండుకో వేలు మడిచాను. ఆరో వేలు మడిచాక ఆయన వైపు చూసి, "నాది ఆరయిందండీ" అని అరిచాను. ఆయన కాగితం చూసి తలాడించాడు. అక్కడి నుంచి ఏమీ దాచుకోకుండా పరిగెత్తాను.

పదిహేనూ యాభై రెండు అని చదివారు. నా ఛాతీ నంబరు చూపించి, మళ్లీ చదవమన్నాను.