బావ ఫోన్‌లో నా కార్డు

ఆ రోజు మా బావ సెల్‌ఫోన్ పనిచేయలేదన్నది నిశ్చయం. సిమ్ పెట్టమని అడిగే ఆంగ్ల వాక్యం తెర మీద నిలిచి ఉండగా నేనే చూశాను. బంగారుపాళ్యంలో కార్డులమ్మే అంగడివాడు నాసిరకం సిమ్‌లు అంటగడతాడన్నది వినికిడి. అలా అన్నవాళ్ళలో పరీక్షించి చూసినవాళ్ళెవరూ లేరు. ఫోన్ నీళ్ళలో నానిందన్నది మా అక్క చెప్పిన మాట. దాన్ని వినికిడి అనడానికి మనసొప్పలేదు, కానీ అప్పటికి రుజువూ లేదు.

మామిడి కోతల కాలం. గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు వంతు వచ్చిన రైతుకు ఫోన్ చేసేవాళ్ళు. పలకకపోతే ఆ వంతు తర్వాతివాడికి పోయేది. బావ కోయించిన తోతాపురి కాయ అప్పటికే తోటలో కుప్పగా పడి ఉంది. చిత్తూరులో భౌతికశాస్త్రం చెప్పే నేను సెలవుకు వాళ్ళింటికి వెళ్ళాను. బావ తోటలో ఉన్నాడు. ఫోన్ నా చేతికిస్తూ అక్క గొంతు తగ్గించింది.

"సొక్కా జేబులో ఉండంగానే ఉతకను నానబెట్టేసినా. ఎండకు పెట్టి, తుడిచి, మళ్ళీ ఆడనే పెట్టినా."

"బావకు చెప్పినావా?"

"నేను చెప్పే లోపలే అంగడోన్ని తిట్టను మొదులుపెట్టె. ఇప్పుడెట్ల చెప్పేది? కార్డే చెడిపోయిందని నువ్వు చెప్పు. సదువుకున్నోడి మాటకు ఎదురు చెప్పడు."

బావ ఫోన్‌లోని కార్డు తీసి నా ఫోన్‌లో వేశాను. సిగ్నల్ గీతలు లేచాయి. అందులో దాచుకున్న పేర్లన్నీ కనిపించాయి. అయితే ఇది సగం పరీక్షే. కార్డు బాగున్నంత మాత్రాన ఫోన్ చెడిందని తేలదు. కార్డు సరిగా ఆనకపోయినా అదే వాక్యం వస్తుంది. అందుకని నా కార్డును ఆయన ఫోన్‌లో సరిగా ఆనేటట్టు వేశాను. ఆ ఫోన్ ఏ కంపెనీ కార్డునైనా తీసుకునే రకం. అయినా అదే వాక్యం. ఆయన కార్డునే మళ్ళీ వేసినా అంతే. కార్డు మారినా లోపం ఫోన్‌ను వదల్లేదు.

"ఏమంటాది?" అంది అక్క.

"కార్డు బాగుండాది."

ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ముఖం చూశాక, నేను చేయవలసిన ఒకే ఒక్క పని చేయలేదు. ఆయన కార్డును నా ఫోన్‌లో ఉంచితే ఫ్యాక్టరీ పిలుపు అందేది; కానీ అలా ఉంచితే నాకు ఫలితం తెలుసని బావకు తెలిసిపోతుంది. కార్డును ఆ చచ్చిన ఫోన్‌లోనే వదిలేశాను. బావ రాగానే, ఏమీ ఎరగనట్టు ఆయన బండి వెనక కూర్చున్నాను.

అంగట్లో బావ గొంతు రోడ్డు దాకా వినిపించింది. "నువ్వమ్మిన కార్డు సచ్చిపోయిందప్పా. ఫ్యాక్టరీ ఫోను తప్పిందంటే కాయంతా తెచ్చి నీ అంగట్లో పోస్తా."

"పొయ్యన్నా, ఊరగాయ పెట్టుకుంటా. ముందు ఆ ఫోనిట్ల ఇయ్యి."

అంగడివాడు కూడా నేను చేసినట్టే కార్డులు మార్చాడు. "సూడు, నీ కార్డు నా ఫోన్లో నవ్వతా ఉండాది. నా కార్డు నీ ఫోన్లో మూతి ముడుసుకోని ఉండాది. ఇప్పుడు నన్ను తిడతావా, ఫోన్ని తిడతావా?"

బావ నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, నువ్వు సెప్పు."

"ఆయన చేసిన పరీక్ష సరైందే బావా," అన్నాను. అదే పరీక్ష ఇంట్లో అక్క ముందు నేను చేశానన్న మాట నోటి దాకా వచ్చి ఆగింది. అబద్ధమాడలేదని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకోవడం కూడా గుర్తుంది.

అంగడివాడు బ్యాటరీ తీసి, దాని అడుగున అంటించిన చిన్న తెల్లచీటీ చూపించాడు. అది ఎర్రగా మారి ఉంది. "నీళ్ళు తగిల్తేనే ఇట్లయ్యేది."

బావ ఆ చీటీని చాలాసేపు చూశాడు. "బోరు కాడ నేనే తడుపుకోని ఉంటా," అన్నాడు. "తిట్టినానని ఏమీ అనుకోవద్దప్పా."

అప్పుడు ఆయన కార్డును నా ఫోన్‌లో వేసి ఇచ్చాను. మేము ఇల్లు చేరకముందే అది మోగింది. బావ బండి ఆపి మాట్లాడాడు. ఫ్యాక్టరీవాళ్ళు అంతకుముందే ప్రయత్నించారట, ఫోన్ ఆపేసి ఉందని వినబడిందట. ఆ నాటి వంతు వేరేవాళ్ళకు పోయింది; కాయను మర్నాడు తెమ్మన్నారు.

మర్నాడు లోడుకు ముందు కుప్ప అడుగున మెత్తబడిన కాయను ఏరి పారేయవలసి వచ్చింది. అక్క, నేను ఎదురెదురుగా కూర్చొని ఏరాము. ఆమె ఒక్కసారీ తలెత్తలేదు, నేనూ ఎత్తలేదు. బావ మాత్రం గంపలు మోస్తూ, "ఈ ఎండకు మెత్తబడకుండా ఎట్లుంటాది," అని ఎండను తప్పుపట్టాడు.

ఆయన నిజంగానే ఫోన్ బోరు దగ్గర తడిసిందనుకున్నాడా, లేక ఎర్రచీటీ చూడగానే ఆరేసిన చొక్కా గుర్తొచ్చి ఆ మాట అన్నాడా? నాకు ఈనాటికీ తెలియదు. తేల్చాలంటే ఆయన్నే అడగాలి. ఆ ప్రశ్న ఎలా అడిగినా, అక్క దాచినది బయటపడుతుంది. ఇంతవరకూ నేను అడగలేదు.