1023 మీద నా సంతకాలు

మా స్టాఫ్ రూములో చెప్పుకునే కథ వేరు. అందులో నేను ఒక్క చూపుతో యాభై మూడు కాపీ రికార్డులు పట్టేసి, కవిటి నుంచి వచ్చే పిల్లను కాపాడిన ధర్మదేవతని. టీ తాగే ప్రతి కొత్త లెక్చరర్‌కీ ఆ కథ వినిపిస్తారు. శుద్ధ అబద్ధం. నేను పట్టుకోబోయింది ఆ పిల్లనే. ఆ యాభై మూడింటి మీదా ఉన్నవి నా సంతకాలే.

టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ చెబుతాను. రికార్డు అంటే మాకు ప్రోగ్రామ్ కన్నా పవిత్రం. సీనియర్ రికార్డు జూనియర్‌కు చేరుతుంది, దాని నుంచి తరగతంతటికీ. ఎవరిని చూసినా నాకు అనుమానమే. అందుకే ఆ ఏడు ప్రయోగంలో ఒక చిన్న మార్పు చేశాను. ఖాళీ అరే, అంటే విలువలు వరుసగా దాచే గడుల పట్టీ, ఒక్క గడితో కాకుండా నాలుగు గడులతో మొదలవ్వాలి. నిండినప్పుడల్లా ఎన్ని రెట్లకు పెంచాలో విద్యార్థులే ఎంచుకుని రాయాలి. వెయ్యి విలువలు చేర్చాక మొత్తం ఎన్ని కాపీలు జరిగాయో చూపాలి.

కాపీ అంటే ఏమిటో పలాస పిల్లలకు జీడిపప్పు ట్రేలతో చెబుతాను. ట్రే నిండితే పక్కన ఇంకో చిన్న ట్రే అతికించడం కుదరదు. పెద్దది తెచ్చి, ఉన్న పప్పంతా అందులోకి మార్చాలి. ఆ మార్చిన రోజు ఒళ్లు విరిగిపోతుంది. కానీ ప్రతిసారీ రెట్టింపు ట్రే తెస్తే, మళ్లీ మార్చే రోజు అంతకంతకూ దూరమవుతుంది. మొత్తం చాకిరీని చేర్చిన పప్పులన్నిటికీ పంచితే ఒక్కోదానికి రెండు మార్పుల లోపే వస్తుంది. అదే ప్రతిసారీ పది గడులే పెంచారనుకోండి, వెయ్యి పప్పులకు నలభై తొమ్మిది వేల ఐదు వందల మార్పులు. రెండు వేలకు దాదాపు దానికి నాలుగింతలు.

ప్రాక్టికల్ పరీక్షకు నాలుగు రోజుల ముందు రికార్డులు నా బల్ల మీదికి వచ్చాయి. యాభై మూడింటిలో గుణకం రెట్టింపు, మొత్తం 1023. ఏటా చూసే అంకె. సంతకం, సంతకం, సంతకం. ఆఖరుది కవిటి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయిది. అందులో 2131.

నా చెయ్యి ఆగింది. రెట్టింపులో వచ్చేవన్నీ రెండు ఘాతాలే. వాటిని ఎలా కూడినా వెయ్యి విలువలకు రెండు వేలు దాటనే దాటదు. ఇది ప్రోగ్రామ్ చెప్పిన అంకె కాదు, చేత్తో పుట్టించినదో, వేరే ఎవరిదో చూసి దించినదో. పైగా ఏ గుణకం వాడిందో ఎక్కడా లేదు. 'కాపీ' అని ఎర్ర సిరాతో రాస్తే ఆ పిల్ల పరీక్షకు కూర్చోదు, వచ్చే బ్యాచ్‌తో రావాలి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఎర్ర పెన్ను మూత తీశాను.

పిలిపించాను.

"ఈ అంకె ఎక్కడిదమ్మా? కొబ్బరి చెట్టు మీంచి పడిందా?"

"నానే సేసాను మేడమ్."

"అందరికీ 1023 వస్తే నీకే 2131 ఎందుకొచ్చింది?"

ఆ పిల్ల నోరు తెరిచేలోపే మా లాబ్ అటెండర్, పలాస మనిషి, గుమ్మం దగ్గర నిలబడి మధ్యలో దూరాడు. "ఒదిలీండి మేడమ్, సిన్న పిల్ల. అందరిలాగా రాసీమంటే రాసీద్ది."

రాసీద్ది! ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. పేజీలు విసురుగా తిప్పాను. ఒకచోట కాగితం మందంగా తగిలింది. రెండు పేజీలు జిగురుతో అంటించి ఉన్నాయి. దొరికిందిలే అనుకున్నాను. స్కేలు దూర్చి మెల్లగా విడదీశాను. లోపల నేను వెతుకుతున్న దొంగతనం లేదు. ఒక కొట్టివేత ఉంది.

గుణకం ఒకటిన్నర అని రాసి ఉంది. ముందు పాత పద్ధతిలో ఒక గడితోనే మొదలుపెట్టి చూసిందట. ఒకటికి ఒకటిన్నర రెట్లు కడితే ఒకటిన్నర. ప్రోగ్రామ్ పూర్ణాంకమే ఉంచుకుంటుంది కాబట్టి మళ్లీ ఒకటే. అరే పెరగదు, ప్రోగ్రామ్ కదలదు. కింద 'ఒకటి దగ్గరే ఆగిపోయింది, నాలుగుతో మొదలెట్టాలి' అని రాసి, అడ్డంగా గీత కొట్టేసింది.

కాపీ కొట్టినవాళ్ల రికార్డులో ఓటమి ఉండదు. పదిహేడేళ్లుగా చూస్తున్నాను.

"ఎందుకు అంటించావు?"

"కొట్టివేత ఉంటే మీరు సంతకం ఎట్టరు కదా మేడమ్."

ఆ నియమం నాదే. మొదటి క్లాసులోనే బోర్డు మీద రాస్తాను.

నా అనుమానం అంత సులువుగా చావదు. సుద్దముక్క ఇచ్చి బోర్డు మీద చేసి చూపమన్నాను. రాసింది: 4, 6, 9, 13, 19, 28, 42, 63, 94, 141, 211, 316, 474, 711. ఆ తర్వాతి సైజు 1066, వెయ్యి అందులో పట్టేస్తాయి. పద్నాలుగుసార్లు మార్చడం. కూడితే 2131.

"రెట్టింపు చేస్తే పని తక్కువ కదా, ఒకటిన్నర దేనికి?"

"పని తక్కువే మేడమ్. కానీ వెయ్యి ఇరవై నాలుగు దాటి ఒక్కటి సేరిస్తే రెండు వేల నలభై ఎనిమిది గడులు తీసుకుంటాది. సగం ఖాళీయే. ఒకటిన్నరకి మూడో వంతు మించి ఖాళీ ఉండదు. మార్పులు కొంచెం ఎక్కువ, అంతే. ఎంత పెంచినా రెట్లలో పెంచితే సాలు, పదేసి సొప్పున పెంచకూడదు."

పక్కన పోల్చి చూపడానికి రెట్టింపు నేనే రాశాను: 4, 8, 16, 32, 64, 128, 256, 512. ఎనిమిదిసార్లు. కూడాను. 1020.

మళ్లీ కూడాను. 1020.

ఒకటి, రెండు లేవు. నాలుగుతో మొదలైన అరేకి 1023 రాదు. ఆ మూడు ఒక గడితో మొదలుపెట్టిన పాత బ్యాచ్‌ది. యాభై మూడు మందిలో ఎవరూ ప్రోగ్రామ్ నడపలేదు. నేనూ అంకె చూశానే గానీ లెక్క చూడలేదు.

మా హెచ్ఓడీ గారికి చెబితే నవ్వారు. "ఏటమ్మా, మూడే కదా తేడా! పరీక్ష ముంగిట అందరితో మళ్లీ రన్ సేయిత్తావా?"

"మీ ఇంటి తాళంచెవికీ పక్కింటి దానికీ ఒక్క పన్నే కదా సార్ తేడా, తలుపు తెరుచుకుంటుందా?" అన్నాను. రెండు రోజులు లాబ్ తెరిచి ఉంచాను. ఆ యాభై మూడు మందీ నా కళ్ల ముందే నడిపారు, అందరికీ 1020 వచ్చింది. పాత సంతకాలన్నీ నేనే కొట్టేసి కొత్తవి పెట్టాను. నా రికార్డులకు మొదటిసారి కొట్టివేతలు వచ్చాయి. ఆ పిల్ల పరీక్ష రాసింది, పాసైంది.

కానీ కథ చెప్పేవాళ్లెవరూ చెప్పని ముక్క ఒకటుంది. రికార్డు చేతికిస్తూ అడిగాను, "అందరి 1023 తప్పని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు మేడమ్."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"మీరు సంతకం ఎట్టీసారు కదా మేడమ్," అంది, బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఆ పిల్ల మొహంలో మర్యాద తప్ప ఏమీ కనిపించలేదు. అదే నాకు నమ్మకం కుదరని సంగతి. నా సంతకం మీద గౌరవంతో నోరు మూసుకుందా, లేక నేను నిజంగా లెక్క చూస్తున్నానో లేదో తేల్చుకోవడానికే, గుణకం దాచి, నాకు ఆ 2131 ఇచ్చిందా?