కత్తిరించిన మెచ్చుకోలు

నాకు అనుమానం ఎక్కువ. మా నాయన పలకల పనిలో ఉన్న రోజుల్లో ప్రతి పలకనూ వేలితో కొట్టి, చప్పుడు విని గానీ పక్కన పెట్టేవాడు కాదు. ఆ బుద్ధే నాకు వచ్చిందని మా అమ్మ అంటుంది. మెచ్చుకోలుగా అంటుందో, దెప్పుతుందో ఇప్పటికీ తెలియదు. దాని మీద కూడా నాకు అనుమానమే.

మార్కాపురంలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. నాలుగైదు దుకాణాలవాళ్లకు ఫేస్‌బుక్, వాట్సాప్ పోస్టులు చేసి పెడతాను. కొనుక్కున్నవాళ్లు రాసిన రివ్యూలు, పంపిన వాయిస్ మెసేజ్‌లు ఏరి, వాటిని అందంగా పోస్టు చేయడం అందులో పెద్ద పని. ఊరికే స్క్రీన్‌షాట్ తీసి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అట్లా చేయను. రాసిన మనిషి నిజంగా ఉన్నాడా, సరుకు కొన్నాడా, మెచ్చుకున్నందుకు ఊరికే ఏమైనా పుచ్చుకున్నాడా అని అడుగుతాను. పుచ్చుకుని ఉంటే ఆ సంగతి పోస్టులోనే రాయాలంటాను. పోస్టు తయారయ్యాక వాళ్లకే ముందు చూపించి, పేరు పెట్టవచ్చా, ఊరు పెట్టవచ్చా, ఎక్కడెక్కడ పెట్టవచ్చో అడిగి, సరేనంటేనే పెడతాను. వద్దన్న రోజున తీసేస్తాను. ఇవన్నీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని. మురిసిపోయేదాన్ని అని ఎందుకంటున్నానో వినండి.

నా దగ్గర పెద్ద గిరాకీ ఒక దాణా దుకాణం అన్న. గొర్రెలకు, మేకలకు దాణా అమ్ముతాడు. మాట తియ్యన, చూపు నేల మీద. ఒకసారి ఒకేరోజు ఏడు రివ్యూలు పంపించాడు. ఏడింటిలోనూ 'సూపర్ దాణా, మా గొర్రెలు సూపర్' అనే వాక్యమే. ఏడింటికీ ఐదు చుక్కలు.

"అన్నా, ఈ ఏడుగురిలో మీ బామ్మర్దులు ఎంతమంది?" అని ఫోన్ చేసి అడిగాను.

"నేనేమన్నా అట్లాంటోణ్ణా అమ్మా? బామ్మర్దులైతే మాత్రం, గొర్రెలుండవా ఏంది వాళ్లకు?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఏడూ పక్కన పడేశాను. వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

ఆ తర్వాత ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. ఆడమనిషి గొంతు, కొంచెం బొంగురు, వెనక గొర్రెల అరుపులు. ఇట్లా ఉంది: "అన్నా, నీ దాణా పెట్టినంక పిల్లలు లేసి తిరుగుతుండాయి. పదకొండిట్లో తొమ్మిది నిలబడినాయి. రెండు పోయినాయి. ముందుగా ఆసుపత్రోళ్లు చెప్పిన నట్టల మందు తాపినాంలే. దేంతో నిలబడినాయో దేవునికెరుక."

కడుపులో పురుగులు పోవడానికి గొర్రెలకు తాపే మందును నట్టల మందంటారు. అది తాపి, ఆపైన దాణా పెట్టిందన్నమాట. దీన్ని కూడా మొదట అనుమానించాను. అన్నా అంటోంది, ఇతని చెల్లెలేమో అనుకున్నాను. కాసేపటికి నాకే నవ్వొచ్చింది. మా వైపు కండక్టరు కూడా అన్నే, పోలీసు కూడా అన్నే. దుకాణానికి ఆ మెసేజ్ వచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఒక మగమనిషి ఎత్తి, హనుమంతునిపాడు వైపు తమకు గొర్రెలున్నాయని, దాణా అక్కడే కొంటామని, ఊరికే ఏమీ తీసుకోలేదని చెప్పాడు. మాట్లాడింది తన భార్యేనన్నాడు. నిజమైన మనిషి దొరికిందని సంబరపడ్డాను.

దుకాణం అన్నకు మాత్రం సంబరం సగమే. "రెండు పోయినాయి అని పెడితే ఎవురు కొంటారమ్మా? మందు సంగతి మనకెందుకు? మన దాణా ముక్క మటుకు పెట్టు."

"నేను ఒక్క మాట కూడా కలపను అన్నా."

"కలపమన్నానా? కోయమంటుండా."

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. కలపడం అబద్ధం, కోయడం ఎడిటింగ్ అనుకున్నాను. వాయిస్‌లో మొదటి ముక్క ఉంచాను. 'పదకొండిట్లో' తీసేసి, 'తొమ్మిది నిలబడినాయి' దానికి అతికించాను. వెనక గొర్రెల అరుపు కలిసిపోయి అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. పచ్చటి బొమ్మ మీద ఆ గొంతు పెట్టి, కింద 'గొర్రెల పెంపకందారు, హనుమంతునిపాడు మండలం' అని రాసి, అదే నంబరుకు పంపి, ఇది పెట్టవచ్చా అని అడిగాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. పెట్టేశాను. మూడు రోజుల్లో చుట్టుపక్కల మండలాల్లో గొర్రెలున్న వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ అది పాకింది. దుకాణం అన్న నాకు మిఠాయి పంపించాడు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఒకామె నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. చెప్పులు బయట విడిచి, లోపలికి రాకుండా, "పోస్టులు చేసే పిల్లవు నువ్వేనా?" అంది. గొంతు వినగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా ఏం చేశాననుకున్నారు? అనుమానించాను. పోస్టు బాగా తిరిగిందని తెలిసి ఏదైనా అడగడానికి వచ్చిందేమో, లేదా పక్క దాణా దుకాణంవాడు పంపించాడేమో అని.

"ఆ మెసేజ్ పెట్టింది నువ్వేనని ఏమిటి నమ్మకం అక్కా? నంబరు మగమనిషిది కదా," అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నా గొంతు నాదని సాక్షుల్ని తేవాల్నా? మా ఇంట్లో ఒకటే ఫోను. అది ఆయన జేబులో ఉంటాది. మాట్లాడింది నేను. గొర్రెలు నావి, మా అమ్మగారింటి నుంచి తోలుకొచ్చినవి. ముందు నువ్వు పెట్టింది ఇనిపించు."

వినిపించాను. పది సెకన్లు కూడా లేదు. ఆమె ఇంకా ఉందేమోనని ఫోను వైపే చూస్తూ నిలబడింది.

"మిగతాది యాడ పోయింది?"

"చోటు చాలక..." అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, సిగ్గులేకుండా.

అప్పుడు చెప్పింది. త్రిపురాంతకం వైపు ఆమె అన్న ఉంటాడు. వదిన ఆ పోస్టు విన్నది. ఆడబిడ్డ గొంతు కదా, ఇంకెవరి మాటా అక్కరలేదనుకుంది. పశువుల ఆసుపత్రివాళ్లు నట్టల మందు తాపుతామని ఊరికి వస్తే, మా ఆడబిడ్డ గొర్రెపిల్లలు ఉత్త దాణాతోనే నిలబడ్డాయని చెప్పి వాళ్లను తిప్పి పంపింది. ఆరు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. ఇంకో అయిదు తలలు వాల్చి ఉన్నాయి.

"మా వదిన నన్ను ఏమడిగిందో తెలుసునా? దుకాణమోడు నీకెంత ఇచ్చినాడు అని. పుట్టింటోళ్లకు అబద్ధం చెప్పి అమ్ముకున్నానంట. మా అన్న నాతో మాట్లాడ్డంలా. గొర్రె కసాయోణ్ణే నమ్ముతాదంటారు. ఆ కసాయి దుకాణమోడే అనుకున్నా. నువ్వుండావని తెలీలా."

నాకు ఒళ్లు మండింది. నా మీద నాకు మండిందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఫోను తీసి బొటనవేలు చూపించాను. "మీ ఆయన ఒప్పుకున్నాడక్కా, ఇదిగో."

"ఆయన అన్నిటికీ అదే పెడతాడు. మా పెద్దమామ పోయినాడని కబురొస్తే దానికీ పెట్టినాడు, తిట్లు తిన్నాడు. మాట నాది. అడగాల్సింది నన్ను."

నంబరు ఎవరిదైతే వాళ్లనే అడగడం నాకు అలవాటైపోయింది. మా వైపు నంబరు మగవాడిది, మాట ఆడమనిషిదని నాకు తెలియదా? మా ఇంట్లోనూ చిన్నప్పటి నుంచి అంతే. ఊరందరినీ శంకించినదాన్ని, ఆ ఒక్క బొటనవేలును శంకించలేదు. అనుమానం పెనుభూతమంటారు గానీ, నా భూతం నా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఆమె ముందే పోస్టు తీసేశాను. "ఇంక నీ గొంతు ఎక్కడా ఉండదక్కా," అన్నాను.

"తీసేస్తే, అబద్ధం చెప్పి దాక్కుందంటారు. పూర్తిగా పెట్టు."

కూర్చుని రాశాను. ఇంతకు ముందు పెట్టినదాంట్లో ఈమె మాటలు కోసేశామని, తప్పు మాదని, నట్టల మందు తాపిన తర్వాతే దాణా పెట్టారని, పదకొండులో రెండు చనిపోయాయని, దాణా మందుకు బదులు కాదని. కింద మొత్తం వాయిస్, ఒక్క ముక్క తీయకుండా. గట్టిగా చదివి వినిపించాను. మండలం పేరు వద్దంది, తీసేశాను. 'తప్పు మాది' అన్నచోట ఆపింది.

"మాది అంటే ఎవురిది?"

'దుకాణానిది, పోస్టు చేసిన నాది' అని మార్చాను. అప్పుడు, "ఊఁ, ఇప్పుడు పెట్టు" అంది. ఆ ఊఁ కూడా ఆమెను అడిగి, ఆమె గొంతులోనే రికార్డు చేసుకున్నాను.

దుకాణం అన్నకు ఫోన్ చేస్తే ఇంతెత్తున లేచాడు. "నా పేజీలో నా దాణాను నువ్వే తిడతావా? ఆమెను ఎవురు పంపినారో కనుక్కున్నావా ముందు?"

"కనుక్కున్నానన్నా. నువ్వూ నేనూ పంపించాం."

"పెట్టుకో. రేపట్నుంచి నా పేజీ ముట్టుకోవద్దు," అని పెట్టేశాడు. పోస్టు పెట్టాను. పెద్ద గిరాకీ పోయింది. పోతే పోనీ అనుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఆ రోజు మాత్రం అనుకోలేకపోయాను.

తర్వాత ఆమె వదినకు నా ఫోన్ నుంచే చేశాను. స్పీకరు పెట్టి, నేనెవరో చెప్పి, "మీ ఆడబిడ్డ అబద్ధం చెప్పలేదక్కా. మందు తాపిన సంగతి చెప్పింది. కోసింది నేను," అన్నాను.

"ఈ మాట చెప్పడానికి ఆమె నీకెంత ఇచ్చింది?" అంది వదిన.

అందరినీ నేను అడిగే ప్రశ్నే అది. ఇంకో ఫోనులో ఉన్న పూర్తి వాయిస్‌ను స్పీకరు దగ్గర పెట్టి వినిపించాను. గొర్రెలు అరిచాయి. రెండు పోయినాయి, ముందుగా నట్టల మందు తాపినాంలే, దేవునికెరుక. అయిపోయింది.

"ఆ మందు యాడ ఇస్తారు?" అంది వదిన చివరికి.

ఈమె గబుక్కున నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "పశువులాసుపత్రిలో వదినా. తలలు వాల్చినవి ఉండాయని చెప్పి, ఈ పొద్దే పిలిపించు. నేను రేపు మొదటి బస్సుకు వస్తా, పట్టుకుని తాపిస్తా."

"ఆసుపత్రోళ్లను పిలుస్తాంలే," అంది వదిన. "నువ్వు రావద్దు."

వదిన ఫోను పెట్టేసింది. ఈమె నా ఫోనును చీరకొంగుతో తుడిచి నాకిచ్చి, త్రిపురాంతకానికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని అడిగింది.