ల్యాగ్ ఫేజ్ గడి

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలు తమ మైక్రోబయాలజీ టీచరును పట్టికల మేడమ్ అంటారు. ఎంత లావు పాఠమైనా ఒక్క పేజీ పట్టికకు కుదించందే ఆమెకు నిద్ర పట్టదు. బాక్టీరియా ఎదుగుదల, యాంటీబయాటిక్స్ పాఠాన్నీ అలాగే పిండి, పరీక్షలో తికమక పెట్టే తేడాలన్నీ పక్కపక్కన పెట్టి గోడకు అంటించింది. పెన్సిలిన్ చంపుతుంది, టెట్రాసైక్లిన్ ఎదగనివ్వకుండా ఆపుతుంది. లాగ్ ఫేజ్‌లో సంఖ్య వేగంగా పెరుగుతుంది. దానికి ముందుండే ల్యాగ్ ఫేజ్ గడిలో చోటు చాలక "ఎదుగుదల లేదు, పని లేదు" అని రాసి ఊరుకుంది.

క్లాసులో ఒక పిల్ల ఏదడిగినా నిదానంగా ఆలోచించి చెప్పేది. మేడమ్‌కు ఓపిక తక్కువ. "ఈవిడ ఇంకా ల్యాగ్ ఫేజ్‌లోనే ఉంది" అనేది. అందరూ నవ్వేవారు, ఆ పిల్లా నవ్వేది. ఆ పిల్ల ఇప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో చెప్పేశారు.

వైవాకు బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చాడు. పక్క కుర్చీలో మేడమ్. ఆ పిల్ల వంతు రాగానే, ల్యాగ్ ఫేజ్‌లో బాక్టీరియా ఏం చేస్తుందని అడిగాడాయన.

"ఏ పనీ చేయదు సార్."

ఆయన ముఖం చిట్లించాడు. సంఖ్య పెరగకపోయినా లోపల కణం పెద్దదవుతుందని, కొత్త చోటుకు కావలసిన ఎంజైములు తయారుచేసుకుంటుందని, ఇంత చిన్న విషయం ఎవరు తప్పు చెప్పారని అడిగాడు.

పిల్ల మేడమ్ వైపు చూడనైనా చూడలేదు.

"నేనే సరిగ్గా చదవలేదు సార్."

ఇన్నేళ్ల పేరు పోతుందని మేడమ్‌కు బెంగ. ఆయన మార్కుల కాగితం మీద పెన్ను పెట్టేదాకా అలాగే కూర్చుంది. అప్పుడు సిగ్గుతో చచ్చిపోతూ నోరు విప్పింది.

"ఆ తప్పు నాది సార్. నా పట్టికలోనే అలా రాశాను. ఇంకొకటి అడగండి."

ఆయన పెన్ను పక్కన పెట్టి, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ కలిపి ఇస్తే ఏమవుతుందని అడిగాడు. పిల్ల తన ధోరణిలో కాస్త ఆగింది. కణం చుట్టూ గోడ కట్టుకుంటూ ఎదిగే బాక్టీరియానే పెన్సిలిన్ బాగా చంపుతుందని, టెట్రాసైక్లిన్ ప్రొటీన్ల తయారీని అడ్డుకుని ఎదుగుదలను ఆపేస్తే పెన్సిలిన్ బలం తగ్గవచ్చని చెప్పింది. ఇది పట్టికలో లేదు. ఆయన తల ఊపి పాస్ మార్కు వేశాడు.

వరండాలో మేడమ్ ఆ పిల్లను ఆపి, తలదించుకుని క్షమాపణ అడగబోయింది. ల్యాగ్ ఫేజ్ సంగతి పుస్తకంలో చూడలేదా అంది.

"చూశాను మేడమ్. పట్టికలో వేరేగా ఉంది, అడుగుదామనుకున్నా. మళ్లీ ల్యాగ్ ఫేజ్ అని అందరినీ నవ్విస్తారేమోనని అడగలేదు."