కోసేసిన పదకొండు సెకన్లు

స్టూడియోలో ఆవిడని అందరూ రబ్బరక్క అంటారు. గీసేదానికన్నా చెరిపేది ఎక్కువని ఆ పేరు వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరెవరివో పిల్లల సీరియళ్ళకి నడిమి బొమ్మలు గీస్తోంది. కుందేలు ఎగిరే ముందు బొమ్మా, కిందకి దిగిన బొమ్మా పెద్ద ఆర్టిస్టు గీస్తాడు. గాల్లో ఉన్నంతసేపూ ఆ కుందేలు రబ్బరక్కది. ఆ సంగతి కుందేలుకి కూడా తెలియదు.

అందుకే సొంతంగా ఒక సినిమా మొదలుపెట్టింది. ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే ఆవిడ, లిఫ్టు పాడైన రోజున మొదటిసారి మెట్లెక్కుతుంది. అన్నేళ్ళూ తను దాటేసుకుపోయిన అంతస్తుల్లో మనుషులెలా బతుకుతున్నారో చూస్తుంది. కథ అంతే, ఏడు నిమిషాలు. కాగితం మీద చేత్తో గీస్తే, సెకనుకి పన్నెండు బొమ్మల లెక్కన ఐదువేల నలభై కావాలి. మూడేళ్ళలో రెండు నిమిషాలు పూర్తయ్యాయి. ఈ లెక్కన చివరి మెట్టు గీసేసరికి చూపు ఆనదని భయపడి, ఇద్దరు సహాయకులనీ, సంగీతం చేసేవాడినీ పెట్టుకోవడానికి, ఆన్‌లైన్లో జనం దగ్గర తలాకొంత పోగుచేసే క్రౌడ్‌ఫండింగ్‌కి దిగింది.

ముప్ఫై రోజుల గడువు. అనుకున్న మొత్తం నిండితేనే, ఇస్తామన్న బ్యాకర్ల కార్డుల్లోంచి డబ్బు కదులుతుంది, నిండకపోతే ఒక్క పైసా రాదు. బదులుగా వాళ్ళకిచ్చే రివార్డులు నాలుగు అంచెలుగా పెట్టింది. అన్నిటికన్నా చిన్న మొత్తానికి సినిమా డౌన్‌లోడూ, చివర పేర్లలో పేరూ. దానిపైన బొమ్మల పుస్తకం, అదీ ఫైలుగానే. ముందు అచ్చు పుస్తకమే అనుకుంది కానీ, తూకం వేయించి పోస్టు ఖర్చు కనుక్కుంటే పుస్తకం కన్నా పోస్టే బరువని తేలింది. మూడోది, పెన్సిలు రాతలతో సహా అసలు బొమ్మ ఒకటి, యాభై మందికే. పై అంచె పదిమందికే. వాళ్ళ ముఖాలు సినిమాలో లిఫ్టు ప్రయాణికులవుతాయి.

ఇంతవరకూ అన్నీ కాగితం మీది పనులు కాబట్టి సాఫీగా సాగాయి. సినిమా గురించి చెప్పి డబ్బు అడిగే పిచ్ వీడియో దగ్గర చిక్కు వచ్చింది. కెమెరా ముందు నిలబడగానే రబ్బరక్కకి నాలుక పిడచగట్టుకుపోయింది. పందొమ్మిది సార్లు తీశారు. స్టూడియోలో ఎడిటింగ్ చేసే కుర్రాడిని అందరూ కత్తెర అంటారు. వాడు తల పట్టుకుని, "అక్కా, అప్పు తీర్చమంటే గడువడుగుతున్నట్టుంది నీ ముఖం" అన్నాడు.

అప్పుడు దిగింది తోడికోడలు. కింది వాటాలో రబ్బరక్క, పై వాటాలో చిన్నది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడు కూడా దాంతో మాట్లాడి నవ్వుతూ లోపలికి వెళతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ లెక్కన ఊరంతా దానిదే. స్క్రిప్టు ఒకసారి చదివింది, పక్కన పడేసింది. బొమ్మల కట్ట చంకన పెట్టుకుని ఇంటి మెట్లెక్కుతూ తనకి తోచిన మాటల్లో చెప్పేసింది. ఒక్క టేకు.

వీడియో రెండు నిమిషాలు దాటకూడదని కత్తెర నియమం. మొదటి పది సెకన్లలో సినిమా బొమ్మ కనబడి తీరాలన్నది ఇంకో నియమం. కొలిస్తే పదకొండు సెకన్లు ఎక్కువ తేలింది. "చివర్లో నీ గురించి ఏదో అంటోందక్కా, 'ఇదంతా గీసింది మా అక్క' అని మొదలవుతుంది. విను" అన్నాడు. రబ్బరక్క హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు. దాని నోటి నుంచి పొగడ్త వింటే జాలి పడినట్టుంటుందని ఆవిడ బాధ. "ఇంటి కబుర్లు ఎవడిక్కావాలి? కోసెయ్" అంది. తన పేరు తనే కోయించుకుంది. అది తర్వాత గుర్తుపెట్టుకుంటే బాగుండేది, పెట్టుకోలేదు.

మొదటి మూడు రోజులూ డబ్బులు బాగా వచ్చాయి. లిఫ్టులో ముఖాలు పదీ రెండో రోజుకే అయిపోయాయి. తర్వాత ఎక్కడైనా ఉండే నడిమి నీరసం వచ్చింది. అప్పుడు కూడా చిన్నది క్లినిక్ కౌంటర్లో కూర్చుని వచ్చిన ప్రతి కామెంటుకీ జవాబిస్తూ పోయింది. ఆ కామెంట్లే రబ్బరక్కకి పుండు మీద కారం. "మీ సినిమా కోసం ఎదురుచూస్తున్నాం మేడమ్." "మీరు మెట్లెక్కుతుంటే మీ హీరోయినే ఎక్కుతున్నట్టుంది." ఆ 'మీరు' ఎవరు? సొమ్మొకడిది, సోకొకడిది. కళ్ళల్లో నిప్పులు పోసుకుని రోజుకి నలభైసార్లు ఆ క్రౌడ్‌ఫండింగ్ పేజీ తెరిచేది. అంకె పెరిగితే సంతోషం, ఎవరిని చూసి పెరిగిందో గుర్తొస్తే కడుపుమంట. రెండూ ఒకే క్షణంలో వచ్చేవి. మనిషి కుదురుగా అన్నం తినలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున అత్తగారు గోడ మీదుగా పక్కింటావిడతో అంటోంది. "మా చిన్నకోడలు సినిమా తీస్తోందండీ. బొమ్మల సినిమా!"

చిన్నది మెట్ల మీద నిలబడి ఉంది. "అయ్యో అత్తయ్యా, నేను కాదు..." అంటూ నవ్వింది. మిగతా మాట రబ్బరక్కకి వినబడలేదు, నవ్వు మాత్రం వినబడింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

స్టూడియోలో మధ్యాహ్నం భోజనాల వేళ, క్యారియరు మూత కూడా తీయకుండా ఆ పేజీలో బ్యాకర్లకి అప్‌డేట్ రాసింది. "మీరు వీడియోలో చూసిన మనిషి ఈ సినిమా తీయలేదు. తీసింది నేను. ఆవిడ ఇందులో ఒక్క గీత కూడా గీయలేదు." పోస్ట్ నొక్కింది. అప్పుడు బాగా ఆకలేసింది. తృప్తిగా తింది. తిని, చేయి కడుక్కుని, కాస్త కటువుగా ఉందేమో, మార్చుదామని తెరిచేసరికి నలభై నిమిషాలైంది. ఆ సైటులో అప్‌డేట్ దిద్దుకోవడానికి అరగంటే ఉంది. దిద్దినా ఏం లాభం? నొక్కిన క్షణమే బ్యాకర్లందరికీ మెయిల్ వెళ్ళిపోయింది. బతుకంతా చెరిపిన మనిషి, చెరపాల్సిన ఒక్కదాన్నీ చెరపలేకపోయింది.

"అయితే మమ్మల్ని మోసం చేశారా?" అని మొదటి కామెంటు. సాయంత్రానికి ముప్ఫై ఒక్కమంది ఇస్తామన్న డబ్బు వెనక్కి తీసుకున్నారు. లిఫ్టులో ముఖాల్లో నాలుగు దిగిపోయాయి. నూటికి డెబ్భై ఒకటి దాకా వచ్చినది అరవై మూడుకి జారింది. ఎనిమిది రోజులే మిగిలాయి.

చిన్నది పని నుంచి వచ్చి, మెట్ల దగ్గర ఆగింది. మెట్ల పక్క కిటికీ లోపలే రబ్బరక్క బల్ల.

"నిజమే రాశావులే అక్కా. కానీ ఆ 'ఒక్క గీత కూడా' అన్న మాట అవసరమా?"

చిన్నది పైకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి కామెంట్లకి జవాబులు లేవు.

మర్నాడు అసలు బొమ్మ అంచె తీసుకున్న ఒక బ్యాకరు నుంచి సందేశం వచ్చింది. "నేను ఫిజియోథెరపిస్టుని. మనుషుల నడక చూడటమే నా ఉద్యోగం. మీ లిఫ్టావిడ మెట్టెక్కేటప్పుడు కుడిపాదం కాస్త బయటికి పెడుతుంది. మూడో మెట్టు దగ్గర ఆగుతుంది. మాట్లాడే ముందు ఎడమ భుజం ఎగరేస్తుంది. జుట్టు వేళ్ళతో కాదు, మణికట్టుతో తోస్తుంది. మీ వీడియోలో మాట్లాడిన ఆవిడ చేసేవి కూడా సరిగ్గా ఇవే. ఆవిడ ఒక్క గీతా గీయలేదంటే నమ్ముతాను. కానీ ప్రతి గీతలోనూ ఉన్నది ఆవిడే. నేను వెనక్కి తీసుకోవడం లేదు, ఈ మాట చెప్పాలనిపించింది."

రబ్బరక్కకి కోపం వచ్చింది. అబద్ధమని తేల్చడానికే బొమ్మల కట్ట విప్పి నేల మీద పరిచింది. ఒక్కో కాగితం చూస్తూ పోయింది. నలభయ్యో కాగితం దగ్గర ఆగిపోయింది. కుడిపాదం, మణికట్టు, భుజం, అన్నీ ఉన్నాయి. తను ఎవరినీ చూసి గీయలేదనుకుంది. పదకొండేళ్ళుగా ఆ కిటికీలోంచి, మెట్లెక్కి దిగే ఆ మనిషిని చూసి కుళ్ళుకుంటూనే ఉంది. దానికెందుకంత హాయి, దాన్ని చూస్తే అందరికీ ఎందుకంత ఇష్టం అని. ప్రేమగా చూసేవాళ్ళు ఇంత వివరంగా చూడరు. కళ్ళు కుళ్ళుకుంటుంటే చేయి నేర్చేసుకుంది.

కత్తెర దగ్గరికి వెళ్ళి ఒక చిన్న వీడియో చేయించింది. తెరకి ఎడమవైపు చిన్నది మెట్లెక్కుతుంది, కుడివైపు లిఫ్టావిడ. అడుగుకి అడుగు కలిసింది. మర్నాడు దాన్ని పట్టుకుని క్లినిక్కి వెళ్ళింది. అనుమతి అడగకుండా పెట్టడానికి ముఖం చెల్లలేదు.

కౌంటరు వెనక చిన్నది ఫోను చూసింది. రెండోసారి చూసింది. "అక్కా, నన్ను ఇంత చూశావా?"

"ఏడ్చుకుంటూ చూశాను. నువ్వంటే నాకు కుళ్ళు. పెళ్ళై నువ్వొచ్చిన రోజు నుంచీ" అంది రబ్బరక్క. అక్కడ బుగ్గ వాచి కూర్చున్న పేషెంటు కూడా నొప్పి మరిచి చెవులు రిక్కించాడు.

చిన్నదాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ వెంటనే మెత్తబడలేదు. "పెట్టుకో. ఒక్క షరతు. నువ్వు కోయించిన ముక్క ఉంది చూడు, అది కూడా పెట్టాలి. అసలు విన్నావా నువ్వది?"

వినలేదు. స్టూడియోకి వెళ్ళి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ పదకొండు సెకన్లూ విన్నది. మెట్ల చివర నిలబడి, ఆయాసపడుతూ, నవ్వుతూ చిన్నది అంటోంది. "ఇదంతా గీసింది మా అక్క. నిజం చెప్పాలంటే ఆవిడంటే నాకు చచ్చేంత కుళ్ళు. నేను వాగినవన్నీ గాల్లో కలిసిపోతాయి. ఆవిడ గీసింది ఉండిపోతుంది."

తను పదకొండేళ్ళు కడుపులో దాచుకున్నదాన్ని అది పదకొండు సెకన్లలో, లోకమంతా చూసే చోట చెప్పేసింది. తను దాన్ని ఇంటి కబుర్లని కోయించింది. రబ్బరక్క ఆ ముక్క ఏడుసార్లు విన్నది. కత్తెర నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే రెండూ కలిపి అప్‌డేట్‌గా పెట్టింది. కింద నాలుగే మాటలు రాసింది. "గీతలు నావి. నడక తనది." బ్యాకర్లే పదిమందికి పంపారు. దిగిపోయిన నాలుగు ముఖాల్లో మూడు మళ్ళీ లిఫ్టెక్కాయి. గడువుకి ఒకరోజు ముందు మొత్తం నిండింది. అత్తగారు మాత్రం ఇప్పటికీ చిన్నకోడలి సినిమా అనే చెబుతుంది. అది విన్నప్పుడల్లా రబ్బరక్కకి ఎక్కడో చురుక్కుమంటుంది.

ఇంకా ఐదు నిమిషాల సినిమా మిగిలింది, అంటే మూడువేల ఆరువందల బొమ్మలు. ఆదివారం పొద్దున కుర్చీని కిటికీ లోపల నుంచి తెచ్చి మెట్ల ఎదురుగా వేసుకుంది.

"ఇంకోసారి ఎక్కవే."

"కాళ్ళు పీకుతున్నాయక్కా! ఇప్పటికి తొమ్మిదిసార్లయింది. మొన్నటిదానికీ దీనికీ తేడా ఏముంది?"

"ఉంది. ఎక్కు."

చిన్నది సణుక్కుంటూ ఎక్కింది. మూడో మెట్టు దగ్గర ఆగి, మణికట్టుతో జుట్టు తోసుకుని, వెనక్కి తిరిగి నవ్వింది. ఎంత హాయిగా నవ్విందో! రబ్బరక్క కడుపులో ఆ పాత మంట కొంచెం రాజుకుంది. దాన్ని ఆర్పుకోలేదు. అది ఆరిపోతే నడక సరిగ్గా రాదేమోనని భయపడి, గబగబా పెన్సిలు అందుకుంది.