నల్లబడ్డ ఒరుగులు

తిరువూరులో బస్టాండుకు కాస్త అవతల నాకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగలి ఒకటి, కాలితో తొక్కి తిప్పే సాన చక్రం, నాలుగైదు సానరాళ్లు. డెబ్బైల్లో నా బతుకంతా ఆ షెడ్డులోనే గడిచింది. పాత లారీల కమాను పట్టాలు కొని, కాల్చి, సాగగొట్టి కత్తులు చేసేవాణ్ని. మా నాన్న దగ్గర నేర్చిన పని అది. మాంసం కొట్టే కత్తి, కూరగాయల కత్తి, కొడవలి, ఏది చేసినా ఆ కమాను ఇనుముతోనే. మా ఊళ్లో దాన్ని ఇనుప కత్తి అనేవాళ్లు. అప్పుడప్పుడే బజారులోకి వస్తున్న తళతళలాడే తుప్పు పట్టని కత్తిని స్టీలు కత్తి అనేవాళ్లు.

ఆ స్టీలు కత్తులంటే నాకు చిన్నచూపు. ఎవరైనా సానకు తెస్తే, "ఇది చూసుకోవడానికి కొన్నారా, కోసుకోవడానికి కొన్నారా?" అని నవ్వేవాణ్ని. మాంసం కొట్టు నడిపే మా బావ, అంటే మా అక్క భర్త, నాకు వంతపాడేవాడు. పొద్దున్నే రెండు మేకల్ని నా ఇనుప కత్తితో ఒలిచి, ముక్కలు కొట్టి, మధ్యాహ్నానికి ఒక్కసారి రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే చాలనేవాడు. పని అయ్యాక వేడినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాస్త మేక కొవ్వు పూసి పెట్టేవాడు. ఆ కత్తి నల్లగా, మచ్చలుమచ్చలుగా ఉన్నా అంచు మాత్రం వెంట్రుకను చీల్చేది.

ఒక ఏడాది మే నెలలో రెడ్డిగూడెం నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. వాళ్లకు మామిడి తోట ఉంది. ఏటా గాలికి రాలిన కాయలన్నీ తరిగి, ఎండబెట్టి ఒరుగులు చేసి ఊరంతటికీ పంచుతుందని ఆ చుట్టుపక్కల పేరు. సంచిలోంచి గుడ్డలో చుట్టిన స్టీలు కత్తి తీసింది. మొన వంకరపోయింది.

"సాయిబు గారూ, మా కోడలు దీంతో నూనె డబ్బా మూత లేపింది. ఇదిగో ఇలా అయింది. మా తమ్ముడు మద్రాసు నుంచి తెచ్చిచ్చాడండీ. ఎట్లాగైనా సరిచేసి పెట్టాలి" అంది.

"దానికేముందమ్మగారూ, సాయంత్రం బస్సుకు ఇచ్చేస్తా" అన్నాను.

వంకరపోయిన కమాను కత్తిని ఎలా చేస్తానో దాన్నీ అలాగే చేశాను. కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చాను. దాగలి మీద రెండు దెబ్బలతో మొన చక్కబడింది. ఎర్రగా ఉండగానే నూనెలో ముంచాను. మా కమాను ఇనుము అలా ముంచితే గాజులా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే విరుగుతుంది కాబట్టి మళ్లీ కాస్త వేడిచేసి, అంచు ఎండుగడ్డి రంగుకు తిరగ్గానే ఆపేస్తే గట్టిదనంతోపాటు జీవమూ ఉంటుంది. స్టీలు కత్తికీ ఆ మర్యాదలన్నీ చేశాను. నల్లబడిన పొరను చక్రం మీద అరగదీసి, మెరుగుపెట్టి, కాగితం కోసి చూపించి ఇచ్చాను. ఆవిడ సంతోషంగా బస్సెక్కింది.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. కోపం లేదు గానీ మొహం వాడిపోయి ఉంది.

"ఒక బుట్ట కాయలు తరిగేసరికి మొద్దుబారిపోయిందండీ. మా ఇంట్లో రాయి మీద నూరాను. మళ్లీ పది కాయలకే అంతే. ఇదివరకు ఇట్లా లేదు."

కత్తి తీసుకుని అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాను. అంచు ఒక పక్కకు మడతపడి ఉంది. అనుమానం వచ్చి, ఇనుము అరగదీసే ఆకురాయి తీసి మెల్లగా గీశాను. గట్టి కత్తి మీద ఆకురాయి జారిపోవాలి. ఇది మైనంలో దిగినట్టు దిగింది. మద్రాసు నుంచి వచ్చినప్పుడు ఉన్న గట్టిదనాన్ని నా కొలిమి తినేసింది.

రాయి సరిలేదనో, మీరు సరిగ్గా నూరలేదనో చెప్పి పంపెయ్యొచ్చు. ఆవిడ నమ్మేది కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ అప్పటికే తన చేతివైపే చూసుకుంటూ, "నాకే నూరడం చేతకాలేదేమో" అంది. ఆ మాట విన్నాక నేనింక అబద్ధం ఆడలేకపోయాను.

"లేదమ్మా. తప్పు నాది. దీన్ని కాల్చకూడదని నాకు తెలియదు. కాల్చి మెత్తబెట్టేశాను."

ఆవిడ "మరి నా కాయలు? చెట్టు కింద రాసులు పడి ఉన్నాయి" అంది.

షెడ్డులో ఉన్న వాటిలోకెల్లా మంచి ఇనుప కత్తిని తీసిచ్చాను. "ఈ సీజనంతా దీంతో కానివ్వండి. నూరక్కర్లేదు. మీ కత్తికి బదులు కత్తి నేను తెచ్చిస్తా" అన్నాను. మనసులో మాత్రం, ఒక్కసారి నా కత్తి రుచి మరిగితే స్టీలు మాటే ఎత్తదులే అనుకున్నాను.

వారం తిరక్కుండానే వచ్చింది. ఈసారి బల్ల మీద రెండు పొట్లాలు విప్పింది. ఒకదానిలో పాలమీగడ రంగు ఒరుగులు. రెండో దానిలో ఒరుగులు మసిబట్టినట్టు నల్లగా ఉన్నాయి.

"ఇవి పాత కత్తితో పోయినేడు తరిగినవి. ఇవి మీ కత్తితో తరిగినవి. తెగడానికి వెన్నలా తెగుతోందండీ, అబద్ధం చెప్పకూడదు. బుట్టలకు బుట్టలు తరిగినా అంచు పోలేదు. కానీ ముక్క ముక్కకీ నల్లమరక. ఒకటి నోట్లో వేసుకోండి."

వేసుకున్నాను. పులుపు వెనకాల మేకు నాకినట్టు ఇనుప రుచి తగిలింది.

కత్తి కూడా తెచ్చింది. మధ్యాహ్నం అన్నానికి లేస్తూ పులుపు అంటిన కత్తిని చాప మీదే వదిలేసిందట. తిరిగొచ్చేసరికి ఎర్రమచ్చలు. తోమితే మచ్చలు పోయాయి గానీ, అక్కడక్కడ సూదితో పొడిచినట్టు గుంటలు మిగిలాయి. మా బావ కత్తికి అలా ఎప్పుడూ కాలేదు. కానీ మా బావ కోసేది మాంసం. ఆ పైన తుడిచి కొవ్వు పూసేంత ఓపిక ఆయనకుంది. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా పచ్చి మామిడికాయ తరిగే మనిషి ముక్క ముక్కకీ కత్తి తుడుస్తూ కూర్చుంటుందా? ఇరవై ఏళ్లుగా కత్తులు చేస్తున్నాను. ఎవరు ఏం కోస్తారని ఒక్కనాడూ అడగలేదు.

వేరే దిక్కులేక ఆవిడ ఆ కత్తినే మళ్లీ పట్టుకెళ్లింది. మర్నాడే బెజవాడ బస్సెక్కాను. గిన్నెల బజారులో ఒక పెద్దాయన కొట్టులో అలాంటిదే స్టీలు కత్తి దొరికింది. జరిగింది చెబితే ఆయన నవ్వాడు.

"మీ కొలిమిలో ఎరుపు దీనికి చాలదండీ. ఇది గట్టిపడాలంటే నారింజ రంగు దాటి పసుపు వైపు పోవాలి. అదీ అంతటా ఒకే వేడి. ఫ్యాక్టరీ పని అది. వంగితే చల్లగానే మెల్లగా సరిచెయ్యండి. విరిగితే అరగదియ్యండి. నిప్పు మాత్రం చూపించకండి. తుప్పు పట్టదన్నారని ఉప్పునీళ్లలో పడేస్తే దీనికీ మచ్చలొస్తాయి, అదీ చెప్పండి వాళ్లకి."

కొత్త కత్తిని వెంటనే రెడ్డిగూడెం పంపలేదు. ఈసారి తెలియకుండా ఇవ్వదలచుకోలేదు. ఇంట్లో మా ఆవిడ చేతికిచ్చి రోజూ మామిడికాయలు తరిగించాను. నేను పక్కన కూర్చుని ప్రతి ఇరవై కాయలకూ అంచు చూసేవాణ్ని.

"ఏంటండీ, డాక్టరు నాడి చూసినట్టు చూస్తున్నారు?" అని నవ్వేది.

ఒక ఉదయం మా బావ కొట్టుకీ పట్టుకెళ్లాను. ఆయన ఒక మేక ఒలిచేసరికే రాయి కోసం చెయ్యి చాపాడు. "మంచిదే బామ్మర్దీ, కడిగితే అద్దంలా ఉంటుంది. కానీ నాకు రుద్దుకోవడంతోనే పొద్దుపోయేట్టుంది" అని నా పాత కత్తినే అందుకున్నాడు.

సాన పట్టడంలోనూ తేడా తెలిసింది. ఇనుప కత్తిని చక్రానికి ఆనిస్తే కాకరపువ్వొత్తి కాల్చినట్టు నిప్పురవ్వలు విచ్చుకుంటాయి. స్టీలు కత్తికి రవ్వలు తక్కువ. పొట్టిగా, ఎర్రగా వచ్చి ఆరిపోతాయి. ఇనుము రాయిని కరుచుకుంటుంది. స్టీలైతే రాయి మీద జారుతున్నట్టుంటుంది. ఎక్కువసేపు పట్టాలి. పైగా అరిగిన అంచు మీద సన్నటి రేకులాంటి పొర ఒకటి లేచి, ఇటు తోస్తే అటు, అటు తోస్తే ఇటు వాలుతుందే తప్ప ఊడిరాదు. ఇనుప కత్తికైతే అది రెండు రుద్దులకే రాలిపోతుంది. మొదట్లో విసుగొచ్చి గట్టిగా నొక్కాను. నొక్కినకొద్దీ పొర పెరిగింది. చివరికి నున్నటి రాయి మీద నీళ్లు చల్లుతూ, బరువు వెయ్యకుండా, ఇటొకసారి అటొకసారి రుద్ది, ఆఖరున పాత తోలు బెల్టు మీద లాగితే పొర వదిలింది. అంచు చక్కగా వచ్చింది. మా బావ కత్తి అంచంత కాదు, కానీ మామిడికాయకు చాలు.

ఆ కత్తి, ఒక నున్నటి రాయి, ఒక తోలుముక్క తీసుకుని నేనే రెడ్డిగూడెం వెళ్లాను. తోటలో చాపలు పరిచి ఉన్నాయి. ఆవిడ, కోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కాయలు తరుగుతున్నారు. పక్కనే కూర్చుని రాయి ఎలా పట్టాలో చూపించాను.

"మొద్దుబారేదాకా ఆగకండమ్మా. బుట్టకొకసారి పది రుద్దులు, తోలు మీద పది లాగుళ్లు. అంతే."

ఆవిడ చేసి చూపించింది. రెండోసారికే చెయ్యి కుదిరింది. అరచేతిలో కాయ పెట్టుకుని పల్చగా ఒక ముక్క కోసి ఎండకెత్తి పట్టి చూసింది. మరక లేదు.

"చెప్పుకుంటే సిగ్గు అనుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పారు. అందుకే ఆ నల్ల ఒరుగులు పట్టుకుని మళ్లీ మీ దగ్గరికే వచ్చానండీ" అంది. కోడలు తెచ్చిచ్చిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

అప్పుడే వాళ్లాయన తోటలోంచి వచ్చాడు. అరుగు మీద నా ఇనుప కత్తి, ఆ గుంటలు పడ్డదే, కనబడితే చేతిలోకి తీసుకుని గోటి మీద అంచు ఆనించి చూశాడు.

"ఇంత చిన్న కత్తి ఒకటి ఈ ఇనుముతో చేసిస్తారా? వానలు పడగానే మామిడి అంట్లు కట్టాలి. కొమ్మ ఒక్క కోతలో నున్నగా తెగకపోతే అంటు అతకదు. స్టీలుతో చేసి చూశా, కోతకోతకీ నూరుకోవాల్సి వస్తోంది."

"తుడుచుకోవాలి మరి. నూనె రాసిపెట్టాలి."

"తుడుచుకుంటానండీ. ఏడాదిలో నెలరోజుల పని."

"ఏ కొమ్మ, ఎంత లావు?" అని అడిగాను. చెట్టు దగ్గరకు తీసుకెళ్లి చూపించాడు. వేలు లావు కొమ్మ. కొలత కోసం ఒక పుల్ల విరిచి జేబులో వేసుకున్నాను.

ఆ వానాకాలం అంటుకత్తులు తొమ్మిది చేశాను, చుట్టుపక్కల తోటల వాళ్లందరికీ కలిపి. స్టీలు కత్తులు సానకు తెచ్చేవాళ్లూ పెరిగారు. వాళ్లకోసం నున్నటి రాయి ఒకటి విడిగా పెట్టాను, నవ్వడం మానేశాను. ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి, "దేనికండీ ఇది?" అని అడిగేవాణ్ని. కొందరు విసుక్కునేవాళ్లు. చాలామంది మాత్రం వాళ్లింట్లో ఏం వండుతారో, ఎవరు తరుగుతారో మొదలుపెట్టి వింటున్నంతసేపూ చెప్పుకుపోయేవాళ్లు. చక్రం తొక్కుతూ వింటూ ఉండేవాణ్ని. ఆ రోజులు నాకు బాగుండేవి.